ఏడు కిలోలు తగ్గితే రిపోర్టులో ఏ అంకె ఎంత కదులుతుంది?

(పర్లాకిమిడిలో తెలుగువారి ఆదివారం సమావేశంలో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగం, ఆ తర్వాతి ప్రశ్నలు)

అందరికీ నమస్కారమండి. వెనకాల వరసకి వినిపిస్తోందా? సరే.

ఇదివరకు రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్ చేయించాలంటే శ్రీకాకుళమో బరంపురమో వెళ్లేవారు. ఇప్పుడు మన ఊళ్లోనే రక్తం తీస్తున్నారు, సాయంత్రానికల్లా రిపోర్టు ఫోన్‌కి వచ్చేస్తోంది. అందులో రెండు మూడు అంకెలు నల్లగా, లావుగా కనిపిస్తాయి. అది పట్టుకుని మా దగ్గరికొస్తే మేము చెప్పే మాట మీకూ తెలుసు: "బరువు తగ్గండి బాబూ, అన్నీ అవే దార్లోకి వస్తాయి." ఈరోజు నేను ఆ "అన్నీ" గురించే మాట్లాడదామని వచ్చాను. ఎందుకంటే అన్నీ రావు. ఒకటి బాగా దిగుతుంది, ఒకటి ముందు కిందికి పోయి తర్వాత పైకి లేస్తుంది, ఇంకోటి ఉన్నచోటు నుంచి పెద్దగా కదలదు. ఈ సంగతి ముందే తెలియకపోతే, కష్టపడి పొట్ట తగ్గించుకున్న మనిషి రెండో రిపోర్టు చూసి "ఇంత చేసినా ఇంతేనా" అని మానేస్తాడు. లేకపోతే ఒక అంకె బాగుందని సంబరపడి, మానకూడని మాత్ర మానేస్తాడు. రెండూ చూస్తూనే ఉంటాను.

కాబట్టి ఒక మనిషిని ఊహించుకుందాం. మన బజారులోనే కిరాణా కొట్టు. వయసు 46. ఎత్తు 166 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, నడుము చుట్టుకొలత 98. పొద్దున్న హోటలు నుంచి పూరీ, మధ్యాహ్నం కంచం నిండా అన్నం, రోజంతా కుర్చీ, నాలుగైదు టీలు, వారానికి రెండుసార్లు స్నేహితులతో మందు. షుగరు లేదు, కొలెస్ట్రాల్ మాత్రలేవీ వాడడం లేదు. ఆయన మొదటి రిపోర్టు ఇలా ఉందనుకోండి: టోటల్ కొలెస్ట్రాల్ 218, ట్రైగ్లిజరైడ్స్ 260, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 130. అన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో.

ఇది మన దగ్గర మామూలుగా కనబడే వరస. 2014లో అచ్చయిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనంలో తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్ జనాల్ని పరీక్షిస్తే, 72 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువగా ఉంది. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నవాళ్లు సుమారు 30 శాతం. ఎల్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లు 12 శాతమే. చెడ్డ కొలెస్ట్రాల్ అని మనం భయపడేదాని కంటే, పొట్టతో పాటు వచ్చే ఈ జంటే, అంటే పైకెళ్లిన ట్రైగ్లిజరైడ్లూ కిందికి పోయిన హెచ్‌డీఎల్లూ, మనవాళ్లలో ఎక్కువ. ఒక విధంగా అది మంచిదే. బరువుకి లొంగేది ఆ జంటే మరి.

ఎందుకు లొంగుతుందో చెప్తాను. లివర్ నుంచి కొవ్వు రక్తంలోకి ఊరికే రాదు, వీఎల్‌డీఎల్ అనే కణాల్లో ఎక్కి వస్తుంది. దాన్ని సరుకు లారీ అనుకోండి. లారీలో ఉన్న సరుకు ట్రైగ్లిజరైడ్. దారి పొడుగునా కండకీ కొవ్వుకీ సరుకు దించుకుంటూ పోతే, చివరికి మిగిలిన ఖాళీ లారీయే ఎల్‌డీఎల్. పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు నుంచి కొవ్వు ఆమ్లాలు నేరుగా లివర్‌కి చేరుతుంటాయి. దానికి తోడు ఎక్కువైన అన్నం, పంచదార, మందు కూడా లివర్‌లోనే కొవ్వుగా మారతాయి. లివర్ ఆ భారం మోయలేక పెద్ద పెద్ద లారీల్లో నింపి బయటికి తోసేస్తుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్ పెరిగిందంటే అర్థం అదే. మనిషి తిండి తగ్గించి కాస్త నడక మొదలుపెట్టగానే ముందు కరిగేది ఈ లివర్ కొవ్వూ, లోపలి పొట్ట కొవ్వూ. అందుకే ఫలితం ముందు కనిపించేది ట్రైగ్లిజరైడ్ దగ్గరే.

ఎంత తగ్గుతుంది? ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే ట్రైగ్లిజరైడ్స్ సుమారు 20 శాతం దిగుతాయని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లో చెప్పింది. 2020లో మేయో క్లినిక్ వాళ్లు 73 ట్రయల్స్ కలిపి చూసిన లెక్కలో, తిండీ వ్యాయామాలతో తగ్గిన ఒక్కో కిలోకి ట్రైగ్లిజరైడ్ 4 పాయింట్లు, ఎల్‌డీఎల్ ఒకటింపావు పాయింటు తగ్గాయి, హెచ్‌డీఎల్ అర పాయింటు లోపు పెరిగింది. ఈ మూడంకెలూ గుర్తు పెట్టుకుంటే చాలు, ఇవాళ నేను చెప్పేదంతా వాటిలోనే ఉంది. కానీ నాలుగు పాయింట్లనేది సగటు. ఆ ట్రయల్స్‌లో ట్రైగ్లిజరైడ్స్ మొదట్నుంచీ మామూలుగానే ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. 260 దగ్గర మొదలుపెట్టిన మన కొట్టాయనకి ఇంకా ఎక్కువే దిగుతుంది. 110 ఉన్నవాళ్లకి దిగడానికి ఏముంది?

సరే, కొట్టాయన మొదలుపెట్టాడు. పూరీ బదులు ఇంట్లో రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం సగం చేసి ఆ సగంలో దాల్మా, కూర, చేప. టీలో పంచదార లేదు. మందు మానేశాడు. మహేంద్రతనయ గట్టు వైపు రోజూ ముప్పావుగంట నడక. వారానికి అర కిలో చొప్పున దిగుతున్నాడు. ఆరు వారాలకి 75 కిలోలు, నడుము 95. ఆత్రం ఆగక రక్తం ఇచ్చాడు. టోటల్ 194, ట్రైగ్లిజరైడ్స్ 205, ఎల్‌డీఎల్ 119. బాగుంది. హెచ్‌డీఎల్ మాత్రం 36 నుంచి 34కి పడిపోయింది!

మంచి కొలెస్ట్రాల్ పడిపోయిందని ఇంటిల్లిపాదీ కంగారు. ఇది కంగారుపడాల్సిన విషయం కాదండి. 1992లో వచ్చిన ఒక విశ్లేషణలో 70 అధ్యయనాలు కలిపి చూస్తే ఇదే తేలింది: బరువు దిగుతున్నన్నాళ్లూ కిలోకి పావు పాయింటు చొప్పున హెచ్‌డీఎల్ తగ్గుతుంది, బరువు ఒకచోట నిలబడ్డాక కిలోకి మూడో వంతు పాయింటుకి కాస్త పైగా పెరుగుతుంది. ఆకలి మీద ఉన్న శరీరంలో కొవ్వు కణాల దగ్గర సరుకు దించే ఎంజైము నెమ్మదిస్తుంది. ఆ సరుకు దింపుడులో మిగిలిన పైపొరలే హెచ్‌డీఎల్‌కి ముడిసరుకు. బరువు నిలకడయ్యాక ఎంజైము మళ్లీ పుంజుకుంటుంది. అందువల్ల బరువు దిగుతుండగా తీసిన హెచ్‌డీఎల్‌ని నేను లెక్కలోకి తీసుకోను. బరువు ఒక నెలన్నర, రెండు నెలలు కదలకుండా ఉన్నాక తీసిందే అసలు అంకె.

ఇంకో నాలుగున్నర నెలలు గడిచాయి. 71 కిలోల దగ్గర రెండు నెలలుగా నిలబడ్డాడు. నడుము 90. అంటే మొత్తం 7 కిలోలు, మొదటి బరువులో 9 శాతం. మూడో రిపోర్టు: టోటల్ 198, ట్రైగ్లిజరైడ్స్ 180, హెచ్‌డీఎల్ 39, ఎల్‌డీఎల్ 123.

ఇక్కడ రెండో కంగారు. ఆరు వారాలకి 194 ఉన్న టోటల్ 198 అయింది, 119 ఉన్న ఎల్‌డీఎల్ 123 అయింది, పెరుగుతోంది కదా అని. ఒక్కసారి విడదీసి చూడండి. టోటల్‌లో మూడు ముక్కలుంటాయి: హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్. చాలా ల్యాబులు వీఎల్‌డీఎల్‌ని కొలవవు, ట్రైగ్లిజరైడ్‌ని 5తో భాగించి వేసేస్తాయి. ఎల్‌డీఎల్ కూడా అలా లెక్కగట్టిందే: టోటల్‌లోంచి హెచ్‌డీఎల్, వీఎల్‌డీఎల్ తీసేస్తే మిగిలింది. రెండో రిపోర్టు నుంచి మూడోదానికి హెచ్‌డీఎల్ 5 పెరిగింది, ఎల్‌డీఎల్ 4 పెరిగింది, వీఎల్‌డీఎల్ 41 నుంచి 36కి, అంటే 5 తగ్గింది. కలిపితే పైకి 4. టోటల్ పెరగడంలో పెద్ద వాటా మంచి కొలెస్ట్రాల్‌దే. టోటల్ ఒక్కటే చూసి మనిషి బాగుపడ్డాడా లేదా చెప్పేవాళ్లని నమ్మకండి, వాళ్లు మా డాక్టర్లయినా సరే.

అయితే ఎల్‌డీఎల్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే గుండెకి ముఖ్యమైంది అదే. ఏడు కిలోల కష్టానికి అది దిగింది 130 నుంచి 123కి, ఏడు పాయింట్లే. పాపం అనిపిస్తుంది. కానీ అంతకంటే ఆశించకూడదు. యూరప్ గుండె డాక్టర్ల 2019 మార్గదర్శకాల్లో పది కిలోలకి 8 పాయింట్లే రాశారు. అమెరికాలో షుగరు, ఊబకాయం రెండూ ఉన్న అయిదు వేల మంది మీద లుక్ అహెడ్ అని ఓ పెద్ద ట్రయల్ జరిగింది. తిండీ వ్యాయామాల మీద గట్టిగా పనిచేయించిన గుంపు మొదటి ఏడాది 8.6 శాతం బరువు తగ్గింది. వాళ్ల ట్రైగ్లిజరైడ్లూ హెచ్‌డీఎల్లూ రెండో గుంపు కంటే స్పష్టంగా బాగుపడ్డాయి. ఎల్‌డీఎల్‌లో మాత్రం రెండు గుంపులకీ తేడా లేదు.

కారణం మళ్లీ లారీల దగ్గరే ఉంది. ఖాళీ లారీల్ని రక్తంలోంచి తీసేసేది లివర్ మీదుండే రిసెప్టర్లు. అవి ఎన్ని ఉన్నాయన్నది ఎక్కువగా పుట్టుకతో వచ్చేది. దాని తర్వాత నెయ్యి, డాల్డా, కొబ్బరినూనె, మాంసం మీది కొవ్వు లాంటివి ఎంత తింటామన్న దాని మీద ఉంటుంది. నడుము కొలత మాట అవి పెద్దగా వినవు. పైగా ట్రైగ్లిజరైడ్ బాగా ఎక్కువున్నవాళ్లలో బరువు తగ్గాక సరుకు సాఫీగా దిగి, ఎక్కువ లారీలు చివరిదాకా వెళ్లి ఎల్‌డీఎల్‌గా తేలతాయి. అలాంటప్పుడు ఎల్‌డీఎల్ అంకె అక్కడే ఉండొచ్చు, కాస్త పెరగనూ వచ్చు.

అంటే లాభం లేదా? ఉంది, చూడాల్సిన చోట చూస్తే. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. దాన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. చెడ్డ కణాల్లో ఉన్న కొలెస్ట్రాల్ మొత్తం అందులోకి వస్తుంది. మొదట 218లోంచి 36 పోతే 182. ఇప్పుడు 198లోంచి 39 పోతే 159. ఇరవై మూడు పాయింట్లు దిగింది. పొట్ట తగ్గించుకున్న మనిషి కష్టం సరిగ్గా కనబడేది ఈ అంకెలోనే. మీ రిపోర్టులో విడిగా లేకపోతే చేత్తో తీసివేత చేసుకోండి, దీనికి పరగడుపు కూడా అక్కర్లేదు. దానికి తోడు, ట్రైగ్లిజరైడ్ దిగిన కొద్దీ ఎల్‌డీఎల్‌లో చిన్నగా, గట్టిగా ఉండే కణాల పాలు తగ్గుతుంది. మామూలు రిపోర్టు ఆ మార్పుని చూపించదు.

ఇక నడుము. మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే మన దేశంలో ఎక్కువ కిందే లెక్క. "నాది ఇరవయ్యేళ్లుగా 34 ప్యాంటేనండి" అంటారు మనవాళ్లు. ప్యాంటు పొట్ట కిందికి జారిపోయింది బాబూ, అందుకే 34! టేపు పెట్టాల్సింది బెల్టు దగ్గర కాదు. పక్కన చివరి పక్కటెముక కింది అంచు వేలితో పట్టుకోండి, తుంటి ఎముక పై అంచు పట్టుకోండి, ఆ రెండింటికీ నడుమ టేపు చుట్టండి. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి, పొట్ట లోపలికి లాక్కోకూడదు. అందాజుగా ఒక కిలోకి ఒక సెంటీమీటరు తగ్గుతుంది. నడక, బరువులెత్తడం బాగా చేసేవాళ్లకి ఒక్కోసారి తూకం కదలకపోయినా నడుము తగ్గుతుంది. లోపలి కొవ్వు పోయి కండ వచ్చిందన్నమాట. వాళ్ల ట్రైగ్లిజరైడ్లూ ఆ మేరకు దిగుతాయి. అలాంటివాళ్లకి తూకం కంటే టేపే నిజం చెప్తుంది.

కానీ టేపు కొలిచేది చర్మం కింది కొవ్వునీ, లోపలి కొవ్వునీ కలిపి. ఆ రెండూ ఒకటి కాదని నిరూపించిన ప్రయోగం ఒకటుంది, నాకు చాలా ఇష్టం అది. 2004లో అమెరికాలో 15 మంది ఊబకాయపు ఆడవాళ్లకి లైపోసక్షన్ చేసి పొట్ట మీది చర్మం కింద నుంచి తలా తొమ్మిది పది కిలోల కొవ్వు తీసేశారు. నడుము బాగా తగ్గింది. రెండున్నర మూడు నెలల తర్వాత రక్తం చూస్తే ట్రైగ్లిజరైడ్ మారలేదు, హెచ్‌డీఎల్ మారలేదు, ఎల్‌డీఎల్ మారలేదు, బీపీ కూడా మారలేదు. నడుము తగ్గింది గానీ లివర్‌కి ఆ కబురే అందలేదు. నడుము తగ్గడం కాదు, ఎలా తగ్గిందన్నదే లెక్క. బెల్టులు కట్టుకుని చెమట పట్టించేవాళ్లకీ ఇదే సమాధానం.

ఒకటి రెండు జాగ్రత్తలు చెప్పి ప్రశ్నలకి వెళ్దాం. ట్రైగ్లిజరైడ్ చంచలమైన అంకె. ఏ మార్పూ లేని మనిషికే ఈరోజుకీ వచ్చేవారానికీ ఇరవై శాతం దాకా తేడా రావచ్చు. 180 ఉన్నది 200 అయితే అది వార్త కాదు. 260 ఉన్నది 180 అయితే వార్తే. ముందు రాత్రి భోజనం తర్వాత పది పన్నెండు గంటలు పరగడుపున, రెండు మూడు రోజులుగా మద్యం లేకుండా, ప్రతిసారీ అదే ల్యాబులో ఇవ్వండి. ఊళ్లో పెళ్లయిన మర్నాడో, జీలుగు కల్లు తాగొచ్చిన మర్నాడో వద్దు.

ప్రశ్న: డాక్టరు గారూ, మా తమ్ముడు అన్నం మొత్తం మానేసి గుడ్లు, నెయ్యి, మాంసమే తిని మూడు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గాడు. ట్రైగ్లిజరైడ్ 90కి వచ్చింది గానీ ఎల్‌డీఎల్ 118 నుంచి 171 అయింది. బరువు తగ్గితే ఇలా అవుతుందా?

బరువు వల్ల కాదమ్మా, ఆ నెయ్యీ మాంసాల వల్ల. పిండి పదార్థం పోయింది కాబట్టి ట్రైగ్లిజరైడ్ దిగింది, అది నిజమే. కానీ అంత సంతృప్త కొవ్వు తింటే లివర్ రిసెప్టర్లు తగ్గిపోతాయి, ఖాళీ లారీలు రక్తంలోనే తిరుగుతాయి. కొంతమందిలో ఇది విపరీతంగా ఉంటుంది. నెయ్యి ఆపి వేరుశనగ నూనెకో ఆవనూనెకో మారమనండి, పప్పు, కూరలు, చేపలు చేర్చమనండి. రెండు మూడు నెలలాగి మళ్లీ చూద్దాం. ఇంకో మాట, అంత వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం ఎక్కువ. భోజనం తర్వాత కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తే స్కానింగ్ చేయించండి.

ప్రశ్న: నాకు రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారండి. అప్పట్నుంచి ఎనిమిది కిలోలు తగ్గాను. ఎల్‌డీఎల్ 62 ఉంది. ఇంక ఆ కొలెస్ట్రాల్ మాత్ర ఆపేయొచ్చా?

వద్దు బాబాయ్. ఆ 62 ఎవరి వల్ల వచ్చింది? ఎనిమిది కిలోల వాటా పది పాయింట్ల లోపు. మిగతాది మాత్రది. ఆ మాత్ర, అంటే స్టాటిన్, మోతాదుని బట్టి ఎల్‌డీఎల్‌ని 30 నుంచి 50 శాతం దించుతుంది. ఆపితే కొన్ని వారాల్లోనే మళ్లీ పైకి వచ్చేస్తుంది. మీరు తగ్గిన బరువు మీ షుగరుకీ బీపీకీ ట్రైగ్లిజరైడ్‌కీ మేలు చేస్తోంది. కానీ స్టెంట్ పడ్డ మనిషికి మాత్ర చేసే పని నడుము చేయలేదు.

ప్రశ్న: మా ఇంట్లో ఆయన సన్నగానే ఉంటారు. నడుము 82. అయినా ఎల్‌డీఎల్ 204. ట్రైగ్లిజరైడ్ 110. ఆయన్ని కూడా తగ్గమంటారా?

తగ్గడానికి ఆయన దగ్గర ఏముందమ్మా? ఇది పొట్ట నుంచి వచ్చింది కాదు. ట్రైగ్లిజరైడ్ మామూలుగా ఉండి, ఎల్‌డీఎల్ ఒక్కటే 190 దాటిందంటే ముందు థైరాయిడ్ టీఎస్‌హెచ్ చూడాలి. అది పెరిగితే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, థైరాయిడ్ మాత్ర వేసుకుంటే దిగుతుంది. థైరాయిడ్ బాగుంటే వంశపారంపర్యంగా వచ్చిందేమో చూడాలి. వాళ్ల నాన్నగారికో అన్నదమ్ములకో చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా? మడమ వెనక తాడులాంటి స్నాయువు ఉబ్బి గట్టిగా ఉంటుందా? అలా అయితే నడకతో కాలయాపన చేయకుండా మాత్ర మొదలుపెట్టాలి. మీ పిల్లలిద్దరికీ కూడా ఒకసారి లిపిడ్ చేయించండి, సన్నగా ఉన్నారు కదా అని వదిలేయకండి. ఆ కాగితాలు పట్టుకుని ఆయన్ని మంగళవారం పంపించండి, థైరాయిడ్ పరీక్ష రాసిస్తాను.